పవర్‌కు మూడు అర్థాలు

ఇంటర్ మొదటి సంవత్సరంలో మా గదిలో నలుగురం. నలుగురికీ కలిపి ఫిజిక్సు ఫెయిర్ నోట్సు ఒక్కటే. క్లాసులో ఎవరికి వారు రఫ్‌గా రాసుకునేవాళ్ళం. రాత్రి స్టడీ అవర్‌లో వాటన్నిటినీ కలిపి శుభ్రంగా తిరగరాసేవాళ్ళం. పక్క గదుల వాళ్ళు కూడా ఆ నోట్సే ఎత్తి రాసుకునేవారు. అందువల్ల మేము చేసిన తప్పు మాతో ఆగలేదు.

మా సారు పాఠం బాగా చెప్పేవారు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఒకరోజు ఇలా చెప్పారు: "పదిహేను కేజీల వెయిట్ ఉన్న బకెట్‌ని తాడుతో ఒకే స్పీడులో నాలుగు మీటర్ల హైట్‌కి ఇరవై సెకన్లలో లాగాం. వర్క్ డన్ ఎంత? పవర్ ఎంత? వర్క్ అవుట్ చేయండి."

వినేటప్పుడు అంతా అర్థమైంది. రాత్రి కూర్చుని ఇంగ్లీషు మాట కనిపించిన చోటల్లా ఒక తెలుగు మాట పెట్టేశాం. పవర్ అంటే శక్తి అనుకున్నాం. వెయిట్ అంటే భారం అనుకున్నాం. ఫెయిర్ నోట్సులో "భారం 15 కేజీలు, శక్తి 30 వాట్లు" అని అందంగా రాసి కింద గీత కూడా గీశాం.

క్వార్టర్లీ పరీక్షలో "సామర్థ్యాన్ని నిర్వచించి, దాని ప్రమాణాన్ని తెలపండి" అని వచ్చింది. మా నోట్సులో ఆ మాటే లేదు! ఆ ప్రశ్న వదిలేశాం. శక్తికి ప్రమాణం అడిగితే వాట్ అని రాశాం. మా నోట్సు చదివిన వాళ్ళందరిదీ అదే జవాబు. పేపర్లు ఇచ్చిన రోజు పక్క గది వాళ్ళ ముఖం చూడలేకపోయాం.

ఆ ఆదివారం తెలుగు అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకుని నోట్సంతా మొదటి నుంచి చూశాం. రఫ్ నోట్సులో పవర్ అనే మాట మూడు అర్థాల్లో ఉంది. "టెన్ టు ది పవర్ త్రీ" అన్నచోట అది ఘాతం. "పవర్ పోయింది, ఫ్యాన్ ఆగింది" అన్నచోట అది కరెంటు. బకెట్ లెక్కలో అది సామర్థ్యం, అంటే సెకనుకు జరిగిన పని. ఇందులో ఒక్కటి కూడా శక్తి కాదు. పుస్తకంలో శక్తి అంటే ఎనర్జీ.

వెయిట్ సంగతీ అంతే. కేజీల్లో చెప్పేది ద్రవ్యరాశి. భారం దాన్ని g తో గుణిస్తే వచ్చేది, న్యూటన్లలో ఉంటుంది. g ని 10 గా తీసుకుంటే బకెట్ భారం 150 న్యూటన్లు. 4 మీటర్లు ఎత్తడానికి పని 600 జౌళ్ళు. 20 సెకన్లతో భాగిస్తే సామర్థ్యం 30 వాట్లు. మా నోట్సులో జవాబు సరిగానే ఉంది, ఎందుకంటే అది బోర్డు మీద నుంచి దించినది. కానీ మా "భారం 15" నమ్మి లెక్క చేసినవాడికి 3 వాట్లే వస్తాయి.

"వర్క్ అవుట్ చేయండి" అన్నచోట మాలో ఒకడు "పని చేయండి" అని రాశాడు. అక్కడ కావలసింది "లెక్క సాధించండి" అని. దానికి చాలాసేపు నవ్వుకున్నాం.

ఆ తర్వాత మా పద్ధతి మార్చాం. రఫ్ నోట్సు చెరపకుండా అలాగే ఉంచాం. ఫెయిర్ నోట్సు చివరి పేజీలో మూడు గడులు గీశాం: సారు అన్న మాట, పుస్తకంలోని మాట, ప్రమాణం. ఒక భావనకు ఒకే మాట. మొదటిసారి వచ్చినచోట పవర్, సామర్థ్యం రెండూ పక్కపక్కన రాశాం, పై చదువుల్లో ఇంగ్లీషు మాటే ఎదురవుతుంది కాబట్టి. తర్వాత అంతా సామర్థ్యమే. జౌల్, వాట్ వంటి వాటిని మార్చలేదు, పుస్తకంలోనూ అవే ఉన్నాయి. W అనే అక్షరం భారానికీ, పనికీ, వాట్‌కూ వాడేశాం. దాన్ని పనికే ఉంచి, భారాన్ని mg అనీ, వాట్‌ను అక్షరాల్లోనూ రాశాం.

తప్పు పట్టడానికి ప్రమాణాల గడే బాగా పనికొచ్చింది. ఒకే మాట పక్కన ఒకచోట జౌల్, మరోచోట వాట్ కనిపిస్తే అక్కడ రెండు భావనలు కలిసిపోయాయన్నమాట. అయితే ఇది అన్నిటినీ పట్టదు. పనికీ, శక్తికీ రెంటికీ జౌలే ప్రమాణం. అలాంటి చోట నిర్వచనం చదవాల్సిందే. అప్పటికీ తేలకపోతే గడి ఖాళీగా వదిలి మర్నాడు సారును అడిగేవాళ్ళం.

సరిచేసిన పేజీలు పట్టుకుని గది గదికీ తిరిగాం. తిట్టినవాళ్ళు తిట్టారు, మళ్ళీ ఎత్తి రాసుకున్నారు. తమ్ముళ్ళూ, ఆ పాత నోట్సు నకలు ఇంకా ఎవరి ట్రంకు పెట్టెలోనైనా ఉంటే, "శక్తి 30 వాట్లు" అన్న పేజీ వెతికి కొట్టేయండి.