తాతగారి ఆబ్దికము, సంస్మరణ సభ – ఆహ్వానము, కార్యక్రమ క్రమము



రాబోయే మార్గశిర బహుళ పంచమికి మా తండ్రిగారు దేహం చాలించి రెండు సంవత్సరాలు పూర్తవుతాయి. మొదటి ఏడు మాసికాలతోను, సాంవత్సరికంతోను గడిచింది. ఈ ఏడు తాతగారిని తలచుకొంటూ అందరం ఒకచోట కూర్చోవాలని మనుమలు, మనుమరాండ్రు కోరారు. ఆహ్వానపత్రం కూడా వారే వ్రాసి నా చేతికిచ్చారు. "గురువారం ఉదయం పది గంటలకు మా తాతగారి వర్ధంతి, సంస్మరణ సభ, అనంతరం భోజనాలు, అందరూ ఆహ్వానితులే" అన్నది దాని సారాంశం. భావం నిర్మలమైనదే. అయినా మూడు విషయాలలో ఆ పత్రాన్ని మార్చవలసి వచ్చింది. ఇటువంటి పత్రం వ్రాయవలసిన మరొక ఇంటికి ఉపకరిస్తుందని ఆ కారణాలను ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటిది దిన నిర్ణయం. పిల్లలు క్యాలెండరులో గురువారం గడిలో పంచమి అని చూసి అదే వ్రాశారు. ఆ గడిలో ఉండేది సూర్యోదయానికి ఉన్న తిథి. వ్రతాలకు చాలామట్టుకు అది సరిపోతుంది గాని, సాంవత్సరిక శ్రాద్ధానికి తిథి అపరాహ్ణంలో ఉండాలి. పగటిని ఐదు సమభాగాలు చేస్తే నాలుగవ భాగం అపరాహ్ణం. మా గ్రామంలో ఆ రోజులలో సూర్యోదయం 6.30కి, అస్తమయం 5.30కి అనుకొందాం. పగలు పదకొండు గంటలు. ఒక్కొక్క భాగం 2 గంటల 12 నిమిషాలు. ఆ లెక్కన అపరాహ్ణం మధ్యాహ్నం 1.06 నుండి 3.18 వరకు. ఈసారి పంచమి బుధవారం మధ్యాహ్నం 2 గంటలకు ప్రవేశించి, గురువారం 12.30కే ముగుస్తున్నది. అనగా గురువారపు అపరాహ్ణానికి పంచమి లేదు. బుధవారపు అపరాహ్ణంలో ఉన్నది. కనుక శ్రాద్ధం బుధవారమే. రెండు దినాలలోను అపరాహ్ణాన్ని తాకితే, ఏనాడు ఎక్కువసేపు ఉన్నదో చూడాలి. పరదేశంలో శ్రాద్ధం పెట్టుకొనేవారు తామున్న ఊరి సూర్యోదయాస్తమయాలతో లెక్క కట్టుకోవాలి గాని, ఇక్కడి పంచాంగపు గంటలను అక్కడికి మోయరాదు.

రెండవది, మరింత ముఖ్యమైనది: శ్రాద్ధము, సభ ఒకటి కావు. "రెండూ ఒకేసారి అయిపోతే వచ్చినవారికి సుకరం కదా పెదనాన్నగారూ" అన్నది మా తమ్ముని కుమార్తె. ఆమెకు చెప్పిన మాట ఇది. శ్రాద్ధంలో విశ్వేదేవ స్థానంలో ఒకరు, పితృస్థానంలో ఒకరు, విష్ణుస్థానంలో ఒకరు కూర్చుంటారు. వారికి పాదప్రక్షాళనం, తరువాత హోమం, భోజనం, పిమ్మట పిండప్రదానం. భోక్తలు మౌనంగా భుజించాలి. వంటకాల రుచిని కూడా పొగడరాదు. జనం పెరిగితే సత్కారం, దేశం, కాలం, శుచి, భోక్తల యోగ్యత అనే ఐదూ చెడతాయని మనుస్మృతి హెచ్చరించింది. అన్నింటికన్న సూక్ష్మమైన నియమం మరొకటి ఉన్నది: అక్కడ కన్నీరు రాల్చరాదు. ఆ కన్నీటితో అన్నం పితరులకు చేరక ప్రేతాలపాలవుతుందని అదే గ్రంథం అంటుంది. కర్త మనస్సు ఆ మూడు గంటలు దుఃఖాన్ని ప్రక్కన పెట్టి, తండ్రిని వసురూపంగా, పితామహుని రుద్రరూపంగా, ప్రపితామహుని ఆదిత్యరూపంగా భావించాలి.

మరి తాతగారి ఒడిలో పెరిగిన బిడ్డ ఆయనను తలచుకొని ఎక్కడ ఏడవాలి? దానికే సభ. అక్కడ కంట తడి పెట్టుకోవచ్చు, నవ్వుకోవచ్చు, ఆయన కోపాన్ని కూడా ప్రేమతో చెప్పుకోవచ్చు. అందుచేత శ్రాద్ధానికి సార్వజనిక ఆహ్వానం లేదు. సభకు అందరూ ఆహ్వానితులే. శ్రాద్ధం నాటి రాత్రి కర్తకు భోజనం ఉండదు; దేహం అలసి ఉంటుంది. కనుక సభను అదే సాయంకాలానికి గాక, వెంటనే వచ్చే ఆదివారానికి నిర్ణయించాము. తిథికి కట్టుబడవలసినది శ్రాద్ధమే. సభకు బంధువుల వీలు చూడటంలో దోషం లేదు.

మూడవది మనుమల స్థానం. దూరదేశంలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దవాడు సెలవు పెట్టుకొని వస్తున్నాడు. "నాన్నగారూ, తాతగారికి నేను ఒక్క పిండమైనా పెట్టకూడదా?" అని ఫోనులో అడిగాడు. వాని గొంతు నాకు తెలుసు; అది తర్కం కోసం అడిగిన ప్రశ్న కాదు. "నేనుండగా నీకు ఆ అధికారం లేదు నాయనా. అది నీ లోపం కాదు, నీకు తండ్రి ఉన్నాడని దాని అర్థం" అన్నాను. కొంతసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరువాత వాని పని చెప్పాను. నువ్వులు, దర్భలు సిద్ధం చేయాలి. విస్తళ్ళు కడిగి అందించాలి. భోజనానంతరం భోక్తలకు ప్రదక్షిణ నమస్కారాలు చేసి ఆశీర్వచనం గ్రహించాలి.

పిల్లలు వ్రాసిన పత్రంలో కుమారుల బిడ్డల పేర్లే ఉన్నాయి. మా చెల్లెలి కుమారుని పేరు లేదు. ఇంటిపేరు వేరని విడిచారట. శ్రాద్ధంలో పవిత్రమైనవి మూడని మనువు చెప్పాడు: దౌహిత్రుడు, కుతపకాలం, తిలలు. పగటిని పదిహేను ముహూర్తాలు చేస్తే ఎనిమిదవది కుతపం. ఆనాడు మాకు 11.38 నుండి 12.22 వరకు. ఆ సమయంలోనే కర్మ ఆరంభిస్తాము. కూతురి బిడ్డను కాలంతోను, నువ్వులతోను సమానంగా పావనునిగా ఎంచిన చోట అతని పేరు విడవడం తగదు. అందుకే వాని పేరు పత్రంలో మొదట చేర్పించాను.

ఇక ఒక పదం. తెలుగులో 'వర్ధంతి' మరణదినానికి రూఢి అయినా, దాని ధాతువు వృద్ధిని చెప్పేది. పొరుగున కన్నడంలో అది జన్మదినం. 'ఆబ్దికం', 'సంస్మరణ' అంటే సందిగ్ధం ఉండదు. పత్రం అంచులకు పసుపు పూయలేదు. అది శుభలేఖలకు చెల్లు.

సవరించిన పత్రం ఇది:

"మా తాతగారి ద్వితీయాబ్దికం మార్గశిర బహుళ పంచమి, బుధవారం నాడు గృహంలో యథావిధిగా జరుగును. తదుపరి ఆదివారం సాయంకాలం 4 గంటలకు మా ఇంటి ముంగిట సంస్మరణ సభ. ఆయనను ఎరిగినవారందరూ విచ్చేసి, ఒక్క జ్ఞాపకమైనా మాతో పంచుకొన ప్రార్థన. – దౌహిత్రుడు, పౌత్రులు, పౌత్రికలు."

సభా క్రమము:

4.00 – దీపారాధన, గణపతి ధ్యానం.
4.15 – శ్రీవిష్ణుసహస్రనామ పారాయణం. అందరూ కలిసి చదువవచ్చు.
5.00 – తాతగారి వద్ద చదువుకొన్న శిష్యులచే తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి.
5.30 – స్మృతులు. ఎనిమిదిమంది, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, మొదట దౌహిత్రుడు.
6.15 – ఆయన ఎరిగిన ఎవరైనా మాట్లాడవచ్చు.
6.45 – కొద్దిసేపు మౌనం, శాంతిమంత్రం.
7.00 – భోజనం.

మాట్లాడే పిల్లలకు ఒక్కటే సూచన చేశాను. 'మహానుభావుడు', 'ఆదర్శమూర్తి' అనే మాటలు వద్దు. చూసినది ఒక్కటి చెప్పండి. పాఠంలో స్వరం తప్పితే ఆయన ఏమీ అనకుండా చూపుడువేలితో మోకాలిపై రెండుమార్లు తట్టేవారు. ఆ తట్టడం చెబితే చాలు, ఎరిగినవారికి ఆయన ఎదుట కూర్చున్నట్లే ఉంటుంది.

బుధవారం మా ఇంటికి వచ్చేవారు వెళ్ళేటప్పుడు ఆచారం ప్రకారం "వెళ్ళొస్తాం" అనరు. మేమూ "మళ్ళీ రండి" అనము. ఆదివారం నాడు ఆ నియమం లేదు. తీరికగా రండి, కూర్చోండి, చెప్పి వెళ్ళండి.