మొహం కనిపించని చోట

ప్రియమైన పాఠక మిత్రులకు,

గుంటూరులో ఎండ ముదిరింది. మిర్చియార్డు వైపు నుంచి గాలి వీచిందంటే వీధిలో నలుగురైనా తుమ్ముతారు. ఈ నెల ఉత్తరంలో ఒక చిన్న కథ చెబుతాను. అద్దం ముందు గంటలు గడిపే అబ్బాయిలున్న ఇళ్లవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

కుర్రాడిది పర్చూరు దగ్గర నల్లరేగడి పల్లె. నాన్నకు కొంత పత్తి, కొంత మిరప. డిగ్రీ అయ్యాక యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేరాడు. బ్రాడీపేటలో ఇద్దరితో కలిసి గది. బక్కపలచన, నలుపు, బుగ్గల నిండా మొటిమలు. మెస్సులో గోడవైపు తిరిగి తినేవాడు. మొదటి జీతంలో సగం తెల్లబడే క్రీముకూ, బిగుతు చొక్కాలకూ పోయింది. కొట్లో ఎవరైనా ఏదైనా అడిగితే సమాధానం గొంతులోనే ఆగిపోయేది. తనను చూసి నవ్వుకుంటున్నారని వాడి నమ్మకం. నిజానికి సీజన్లో ఆ యార్డులో ఎవరినీ చూసే తీరిక ఎవరికీ ఉండదు.

అసలు అక్కడ మొహాలే కనిపించవు. హమాలీ దగ్గర్నుంచి షావుకారు దాకా అందరూ ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారుస్తూ తిరుగుతుంటారు. చూసేది కాయను, కాయ పట్టిన చేతిని.

ఒక పొద్దున పెద్ద గుమస్తా రాలేదు. పల్నాడు నుంచి ఒక రైతు 40 టిక్కీల తేజ కాయ దింపాడు. టిక్కీకి 40 కిలోలు. ధర బాగాలేదు, నేరుగా కోల్డ్ స్టోరేజీలో పెట్టిస్తానన్నాడు. పైన కాయ ఎర్రగా నిగనిగలాడుతోంది. కుర్రాడు అలవాటు కొద్దీ మోచేతి దాకా చెయ్యి దించాడు. లోపల వెచ్చగా తగిలింది. అడుగునుంచి గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపాడు. ఎండిన కాయలో గింజలు గలగలమనాలి, ఇవి మూగగా ఉన్నాయి. పిడికిట్లో నొక్కి వదిలితే నొక్కిన చోటే ఉండిపోయాయి. ఒకటి చీల్చి చూస్తే గింజల మధ్య సన్నగా బూడిదరంగు బూజు.

ఈ పరీక్షలు వాడికి ఎవరూ నేర్పలేదు. కల్లంలో నాన్న పక్కన కూర్చుని చూసినవే.

"బాబాయ్, కట్టేటప్పుడు నీళ్లు చల్లారా?"

తువ్వాలు వెనకనుంచి వచ్చిన ఆ గొంతు వాడికే కొత్తగా వినిపించింది.

"కాయ విరిగిపోతోందని కాస్త చిలకరించామయ్యా. అందరూ చేసేదేగా?"

"కాస్త కాదు బాబాయ్. తేమ పదకొండు శాతం దాటితే లోపల పెట్టకూడదు. చల్లగది బూజును ఆపుతుందనుకోకండి, తడి కాయ అక్కడా పాడవుతుంది. విప్పి ఆరబోయండి."

"ఆరబోస్తే తూకం పోదూ?"

కుర్రాడు చీటీ వెనక లెక్క వేశాడు. సరుకు మొత్తం 1,600 కిలోలు. తేమ పదిహేను శాతం అనుకుంటే అసలు కాయ 1,360 కిలోలు. దాన్ని పదకొండు శాతానికి దించితే తూకం 1,528. పోయేది 72 కిలోల నీళ్లు. "ఆ 72 కిలోల కోసం చూసుకుంటే, బూజు పట్టిన కాయ కలిసి మొత్తం తాలు ధరకు పోతుంది" అన్నాడు. చుట్టూ మూగిన హమాలీలు, ఇద్దరు కొనుగోలుదారులు కదలకుండా విన్నారు. అంతమంది తనను చూస్తున్నారన్న సంగతి వాడికి లెక్క పూర్తయ్యాక గానీ గుర్తురాలేదు.

రైతు గొణుక్కుంటూనే పట్టాలు పరిపించాడు. పగలు ఆరబోసి, రాత్రిళ్లు మంచు తగలకుండా కుప్ప చేసి కప్పించారు. బూజు కాయ ఏరితే దాదాపు రెండు టిక్కీలైంది. మిగతాది గలగలలాడాక లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత వాడు మారిపోయి పెళ్లిళ్లలో డాన్సులు చేశాడని చెప్పను. పరాయి ఊళ్లో, పరాయి గుంపులో ఇప్పటికీ తల వంచుకునే కూర్చుంటాడు. మాటకారితనం వేరే సంగతి, అది అందరికీ రాదు, రాకపోతే కొంప మునగదు. క్రీము డబ్బా మాత్రం కొనడం మానేశాడు. యార్డులో ధూళికి అది మొహమ్మీద మంట పెడుతోందట, వాడు చెప్పుకున్న కారణం అదే.

కొన్నాళ్లకు ఆ పల్నాడు రైతు మరో లోడుతో వచ్చాడు. కుర్రాడు అప్పుడే టీ తాగడానికి తువ్వాలు విప్పి కొట్టు ముందు నిలబడ్డాడు. రైతు వాడి మొహంలోకే చూసి, "అబ్బాయ్, ఆ రోజు తడి కాయ పట్టిన పిల్లాడు ఉన్నాడా? మా కాయ అతనే చూడాలి" అన్నాడు.

"నేనే బాబాయ్, దింపించండి" అన్నాడు వాడు. రైతు గొంతు గుర్తుపట్టి ముందు మూటకు తాడు విప్పడం మొదలుపెట్టాడు.

మీ ఇళ్లలో కల్లాల పనులు నడుస్తుంటే జాగ్రత్త, సాయంత్రాలు మబ్బులు పడుతున్నాయి. వచ్చే నెల పత్తి ఏరే మనుషుల సంగతి రాస్తాను.

మీ
ఉత్తరాల మిత్రుడు