పద్దెనిమిది రైజర్లు, పదహారు ట్రెడ్లు

రాత్రిపూట కరెంటు పోయినప్పుడు ఇంట్లో మెట్లు ఎలా ఎక్కుతామో ఎప్పుడైనా గమనించారా? మొదటి రెండు మెట్లకే కాలికి ఎత్తు అలవాటైపోతుంది. మూడో మెట్టు నుంచి చూడాల్సిన పనే ఉండదు, కాలే లెక్క చూసుకుంటుంది. అందుకే మెట్లన్నీ కాస్త ఎత్తుగా ఉంటే ఆయాసం వస్తుందంతే. ఒక్క మెట్టు తేడాగా ఉంటే మాత్రం పడిపోతాం.

నరసరావుపేటలో మా పెదనాన్న పాత నాపరాళ్ల ఇల్లు తీసేసి కొత్తది కడుతున్నారు. మా నాయనమ్మ కూడా వాళ్లతోనే ఉంటుంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, సాయంత్రమైతే డాబా మీద కూర్చోవాలి. ప్లాన్ కాగితం మీద మెట్లంటే పన్నెండడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు ఉన్న ఒక డబ్బా, అందులో కొన్ని గీతలు. సెంట్రింగ్ కొట్టకముందే ఆ డబ్బాని 3డీలో చూద్దామని ఫ్రీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేశాను.

ముందు ఎత్తు. కింద గచ్చు పైభాగం నుంచి పై అంతస్తు గచ్చు పైభాగం దాకా 3150 మి.మీ. దాన్ని 18తో భాగిస్తే ఒక్కో రైజర్, అంటే మెట్టు నిలువు ఎత్తు, 175 వస్తుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లకి 190 దాటొద్దంటుంది కాబట్టి బాగానే ఉంది. పాదం పెట్టే వెడల్పు, అంటే ట్రెడ్, 270 అనుకున్నాను. 17వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ ఫ్రాన్స్వా బ్లోండెల్ పేరు మీద ఒక సూత్రం ఉంది. రెండు రైజర్లు, ఒక ట్రెడ్ కలిపితే 620 నుంచి 640 మి.మీ. మధ్య ఉంటే అడుగు సుఖంగా పడుతుంది. మాది సరిగ్గా 620.

మధ్యలో ల్యాండింగ్, అటు తొమ్మిది రైజర్లు, ఇటు తొమ్మిది. కోడ్ రాసేవాళ్లకి బాగా తెలిసిన చిక్కు ఇక్కడా ఉంది. తొమ్మిది రైజర్లకి ట్రెడ్లు ఎనిమిదే, ఎందుకంటే తొమ్మిదో అడుగు ల్యాండింగ్ మీద పడుతుంది. రెండు వరుసలకీ కలిపి 18 రైజర్లు, 16 ట్రెడ్లు. కాబట్టి ఒక వరుస పొడవు ఎనిమిది 270లు, అంటే 2160.

```
import Arch
Arch.makeStairs(length=2160, width=900, height=1575, steps=9)
App.ActiveDocument.recompute()
```

ఇది మొదటి వరుస. రెండోది కూడా ఇదే, తిప్పి 1575 ఎత్తులో పెట్టాలి. ల్యాండింగ్ శ్లాబ్ విడిగా గీసుకోవాలి.

మోడల్ మేస్త్రి గారికి చూపిస్తే ఆయన ఒకటే మాట అన్నాడు. "సెంట్రింగ్‌లో మెట్లన్నీ సమానంగానే పోస్తాం బాబూ. తర్వాత కింద మెట్టుని గచ్చు తినేసిద్ది."

అది అక్షరాలా నిజం. మా ఇంట్లో కింద హాల్లో కాంక్రీటు మీద గ్రానైటు, దాని కింద మాలు కలిపి 75 మి.మీ. వస్తుంది. మెట్ల మీదా ల్యాండింగ్ మీదా 40, పైన 50. కాంక్రీటు మెట్లన్నీ ఒకే ఎత్తులో పోస్తే, రాళ్లు పరిచాక మొదటి మెట్టు 141కి తగ్గుతుంది, చివరిది 186కి పెరుగుతుంది. మధ్యలోవి 176 దగ్గరే ఉంటాయి. అమెరికాలో వాడే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ఒక వరుసలో పెద్ద మెట్టుకీ చిన్న మెట్టుకీ తేడా 9.5 మి.మీ. మించకూడదంటుంది. ఇక్కడ కింది వరుసలోనే 35 తేడా.

అందుకే మోడల్‌లో రెండు పొరలు పెట్టాను. పూర్తయిన మెట్లు ఒకటి, వాటి కింద కాంక్రీటు మెట్లు ఇంకొకటి. పూర్తయ్యాక అన్నీ 175 రావాలంటే కాంక్రీటులో మొదటి మెట్టు 210, చివరిది 165, మిగతా పదహారూ 175 ఉండాలి. మేస్త్రి గారికి మోడల్ అక్కర్లేదు, ఈ మూడు అంకెలు చాలు. గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. హాల్లో రాయి మందం మారిస్తే మాత్రం 210 కూడా మారాలి.

ఇక పెదనాన్న కోరిక. "ఏరా, ల్యాండింగ్ కింద నుంచి పెరట్లోకి ఒక తలుపు పెట్టుకుందాం."

ల్యాండింగ్ పైభాగం 1575లో ఉంది. శ్లాబ్, రాయి, ప్లాస్టరింగ్ కలిపి 200 పోతే కింద మిగిలేది 1375, అంటే నాలుగున్నర అడుగులు. మనిషి నడవాలంటే కోడ్ ప్రకారం 2200 కావాలి. ల్యాండింగ్‌ని పైకి జరిపితే? పదమూడు రైజర్ల తర్వాత పెడితే కింద 2075 మాత్రమే వస్తుంది. పద్నాలుగు అయితే 2250, సరిపోతుంది. కానీ పద్నాలుగు రైజర్లకి పదమూడు ట్రెడ్లు కావాలి, అంటే 3510. దానికి 950 ల్యాండింగ్ కలిపితే 4460. మన డబ్బా పొడవు 3660.

"ట్రెడ్ కొంచెం తగ్గించు మరి" అన్నారు. 200కి తగ్గిస్తే మొత్తం 3550, డబ్బాలో పట్టేస్తుంది. ఫ్రీక్యాడ్ కూడా కిక్కురుమనకుండా గీసేస్తుంది. స్క్రీన్ మీద చూడ్డానికి చక్కగానే ఉంటుంది. ప్రాపర్టీస్‌లో `BlondelRatio` దగ్గర మాత్రం 550 కనబడుతుంది. ఇళ్లకి కోడ్ అడిగే కనీస ట్రెడ్ 250. దిగేటప్పుడు 200 మీద పాదం పూర్తిగా ఆనదు, నాయనమ్మ పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగాలి. ఆ మాట చెప్పాక పెరటి తలుపు వంటింటి పక్కకి వెళ్లింది. ల్యాండింగ్ కింద ఇన్వర్టర్ పెడుతున్నారు.

చివరిది హెడ్‌రూమ్. డాబా మీద మెట్ల గదిని కొందరు ఆ పేరుతోనే పిలుస్తారు, ఇక్కడ దాని సంగతి కాదు. మెట్టు అంచు నుంచి నిట్టనిలువుగా తలపైన ఉండే ఖాళీ ఇది. దీన్ని కంటితో చూసి తేల్చలేం. మెట్ల అంచులన్నీ కలిపే ఏటవాలు గీత మీద, మెట్లంత వెడల్పు, 2200 ఎత్తు ఉన్న దిమ్మ ఒకటి గీయాలి. ఖాళీ జాగానే ఒక వస్తువుగా చేయడమన్నమాట. పై శ్లాబ్, బీములతో దానికి `Common` కొడితే ఏమీ రాకూడదు.

మాకు వచ్చింది. పైన బెడ్‌రూమ్ పెద్దది కావాలని మా అన్నయ్య శ్లాబ్‌ని మొదటి వరుస మీదకి నాలుగడుగులు జరిపించాడు. శ్లాబ్ అంచున కిందికి దిగిన బీము ఐదో మెట్టు అంచుకి 1913 ఎత్తులోనే ఉంది, ఆరడుగుల మూడంగుళాలు. బియ్యం బస్తా భుజాన వేసుకుని ఎక్కే మనిషికి అది చాలదు. మూడో మెట్టు అంచు దగ్గర లెక్క 2263 వస్తుంది, నాలుగో మెట్టు దగ్గర 2088. ఏటవాలు గీత మీద 2200 దొరకాలంటే బీము ఈ రెండు అంచుల మధ్య, మొదటి రైజర్ నుంచి 637 లోపే ఆగాలి. 630 దగ్గర ఆపాం. అన్నయ్య గది దాదాపు రెండడుగులు తగ్గింది. వాడు ఇంకా అలిగే ఉన్నాడు.