గాథలు ఇరవయ్యారు కావు, పదిహేడు

ఋగ్వేదం తృతీయమండలంలో పదునాలుగవ సూక్తపు అయిదవ ఋక్కును ప్రొద్దుటూరులో మా ఇంట ప్రాతఃపారాయణంలో ఎన్ని మార్లు పఠించానో చెప్పలేను. అందులో ‘ఉత్తానహస్త’ అనే పదం ఉంది. చేతులు చాచి నమస్సుతో అగ్నిని సమీపించేవారిని ఆ పదం చూపుతుంది. రెండేళ్ళ క్రితం ఒక వ్యాకరణగ్రంథంలో ఈ పదానికి సోదరపదంగా ‘ఉస్తానజస్త’ అనేదాన్ని చూశాను. అది పారసీకుల పవిత్రగ్రంథమైన అవెస్తాలో, జరథుష్ట్రుని గాథలలో మొట్టమొదటి పద్యంలోనే ఉంది. దాని పక్కన ‘నమస్సుతో’ అనే అర్థమే గల మాట కూడా ఉంది. అదే భంగిమ, అదే భావం. అంతటితో నా మనస్సు నిలువలేదు.

ఆ ఉత్సాహంలో గాథల అనువాదం ఒకటి సంపాదించి చదివాను. యస్న అనే యాగగ్రంథంలో డెబ్బయిరెండు అధ్యాయాలున్నాయని, గాథలు 28వ అధ్యాయంలో మొదలై 53వ అధ్యాయంలో ముగుస్తాయని గ్రహించాను. ‘యస్న’ శబ్దం మన ‘యజ్ఞ’మే. జమ్మలమడుగులో మిత్రుల ఇంట నెలనెలా జరిగే సత్సంగంలో ఈ విషయాన్ని ప్రసంగించాను. గాథలు ఇరవయ్యారు అధ్యాయాలన్నాను. మొదటిది జరథుష్ట్రుని తొలి ప్రార్థన, చివరిది అంత్యోపదేశం అన్నాను. సకారాన్ని హకారం చేసి చదివితే అది వేదమే అని కూడా అన్నాను. శ్రోతలు ఆనందించారు. నేను వారికంటె ఎక్కువ ఆనందించాను. ఆ మూడు మాటలలో ఒక్కటీ సరైనది కాదు.

తప్పును పట్టుకున్నది పులివెందులలో ఉండే మా మేనమామ. ఆయన ఘనాంతం వేదాధ్యయనం చేసినవారు. అవెస్తా పేరు వినడమే తప్ప చూసినవారు కారు. ముద్దనూరు మీదుగా బస్సులో వెళ్ళి ఆయనకు నా ప్రసంగసారం వినిపించాను. అంతా విని ఆయన ఒకే ప్రశ్న వేశారు: “అక్షరాలు లెక్కపెట్టినావా నాయనా?”

“లేదు మామా, అనువాదంలో చదివినాను.”

“ఛందస్సు చూడకుండా సూక్తానికి హద్దు ఎట్లా తెలుస్తుంది? పోయి లెక్కపెట్టుకొని రాపో.”

తిరిగి వచ్చి మూలపాఠాన్ని ముందు పెట్టుకొని కూర్చున్నాను. 28 మొదలు 34 వరకు ఏడు అధ్యాయాలలో ప్రతి పద్యానికీ మూడు పాదాలు. ప్రతి పాదంలో ఏడు అక్షరాల తరువాత విరామం, ఆపై తొమ్మిది అక్షరాలు. 35వ అధ్యాయానికి వచ్చేసరికి లెక్క తెగిపోయింది. అది పద్యం కాదు, గద్యం. 35 నుండి 41 వరకు ఉన్న ఏడు అధ్యాయాలు ‘యస్న హప్తంగ్‌హాయితి’, అంటే ‘సప్తాధ్యాయి’. ఇదీ గాథల ప్రాచీనభాషలోనే ఉంది, అంతే పూజ్యమైనది. కాని గాథ కాదు. యాగక్రమంలో మొదటి గాథకూ రెండవ గాథకూ నడుమ దీనిని పఠిస్తారు గనుక గ్రంథంలోనూ నడుమ నిలిచింది.

42, 52 అధ్యాయాల సంగతి వేరు. అవి అర్వాచీనమైన అవెస్తా భాషలో ఉన్నాయి. ఆ భేదాన్ని గుర్తించడం మనకు కష్టం కాదు. సంస్కృతపు ‘అస్య’కు గాథల భాషలో ‘అహ్యా’ అని రూపం. తరువాతి భాషలో అది ‘అహే’గా అరిగిపోయింది. అంతేకాక గాథల పాఠంలో పదాంతస్వరాలన్నీ దీర్ఘాలుగానే వ్రాయబడి ఉంటాయి. ఈ రెండు గుర్తులు చాలు, ఏ అధ్యాయం ఏ కాలపు భాషలో ఉందో చూడగానే తెలుస్తుంది. ఇరవయ్యారింటిలో 35 నుండి 42 వరకు ఎనిమిది, 52 ఒకటి తీసివేస్తే పదిహేడు మిగులుతాయి. గాథాసూక్తాలు పదిహేడే.

ఆ పదిహేడు సూక్తాలూ అయిదు గాథలుగా కూర్చబడ్డాయి. కూర్చడానికి ఆధారం విషయమూ కాదు, కాలమూ కాదు, ఛందస్సు. మొదటిది అహునవైతి: ఏడు సూక్తాలు, నూరు పద్యాలు. రెండవది ఉష్టవైతి, 43 నుండి 46 వరకు: అరవైయారు పద్యాలు, ఒక్కొక్కదానికి అయిదు పాదాలు. మూడవది స్పెంతామైన్యు, 47 నుండి 50 వరకు: నలభైయొక్క పద్యాలు, నాలుగేసి పాదాలు. నాలుగవది వోహుఖ్షథ్ర, 51వ అధ్యాయం ఒక్కటే: ఇరవైరెండు పద్యాలు. అయిదవది వహిష్తోయిష్టి, 53వ అధ్యాయం: తొమ్మిది పద్యాలు. మొత్తం 238. మొదటి గాథ పేరు దానికి ముందు, 27వ అధ్యాయంలో ఉన్న ‘అహున వైర్య’ అనే మహామంత్రం నుండి వచ్చింది. మిగిలిన నాలుగింటికీ వాటి తొలి పదాలే పేర్లు. ‘వోహు’ మన ‘వసు’, ‘ఖ్షథ్ర’ మన ‘క్షత్ర’, ‘వహిష్త’ మన ‘వసిష్ఠ’ అని చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

నూరు, అరవైయారు, నలభైయొకటి, ఇరవైరెండు, తొమ్మిది: ఈ అవరోహణక్రమం చూసినప్పుడు నా రెండవ తప్పు తెలిసింది. ఋగ్వేదంలో రెండు నుండి ఏడు వరకు ఉన్న మండలాలలో ఒక్కొక్క దేవతకు చెందిన సూక్తాలు ఎక్కువ ఋక్కులు గలవి ముందు, తక్కువ గలవి వెనుకగా అమరి ఉంటాయి. గాథలలోనూ పెద్ద సమూహం ముందు వచ్చింది, చిన్నది చివరకు పోయింది. 53వ అధ్యాయం చివరగా ఉన్నది చిన్నదైనందువల్లనే గాని, అది జరథుష్ట్రుని అంత్యోపదేశం అని ఆ స్థానాన్ని బట్టి చెప్పడానికి వీలులేదు. అందులో ఆయన కుమార్తె పౌరుచిస్త వివాహప్రసంగం వస్తుంది.

అక్షరగణనలో నేను మొదట చాలా చోట్ల తప్పిపోయాను. 29వ అధ్యాయం గోవు యొక్క ఆత్మ మొరపెట్టుకునే సూక్తం. దాని ఏడవ పద్యంలో, మూడవ పాదాంతంలో ‘మర్త్యులకు’ అనే అర్థంలో ఒక పదం ఉంది. వ్రాతలో అది ‘మరెతఏఇబ్యో’ అని కనిపిస్తుంది. నేను ఆరు అక్షరాలు లెక్కించాను. పాదం తొమ్మిదికి మించిపోయింది. తరువాత సంస్కృతరూపాన్ని పక్కన పెట్టుకున్నాను: ‘మర్తేభ్యః’. మూడే అక్షరాలు! రేఫ తరువాత వినిపించే చిన్న ఎకారం మన ప్రాతిశాఖ్యలు చెప్పే స్వరభక్తి వంటిది. ‘బ్యో’కు ముందున్న ఇకారం రాబోయే యకారపు ఛాయ. ‘అఏ’ రెండుగా కనిపించే ఒకే సంధ్యక్షరం. ఈ మూడూ పఠనధ్వనిని అతిసూక్ష్మంగా లిపిలో పెట్టడం వల్ల వచ్చినవి. ఛందస్సు వీటిని గణించదు. మూడుగా గణించగానే పాదం తొమ్మిదికి సరిగ్గా నిలిచింది.

దీనికి విపరీతం కూడా ఉంది. షష్ఠీబహువచనపు ‘ఆమ్’ వ్రాతలో ఒక్క అక్షరమే, కాని గాథలలో దానిని ‘అ-అమ్’ అని రెండుగా గణించాలి. ఋగ్వేదంలోనూ అనేకచోట్ల అట్లా విడదీస్తేనే పాదం పూర్తి అవుతుంది. కాబట్టి వ్రాతలో ఉన్నదానిని కొన్నిచోట్ల తగ్గించాలి, కొన్నిచోట్ల పెంచాలి. ఏది తగ్గించాలో, ఏది పెంచాలో చెప్పేది సోదరభాష.

ఛందస్సు లోపాన్ని కూడా పట్టిస్తుంది. ఉష్టవైతిలో ప్రతి పద్యానికీ అయిదు పాదాలు ఉండాలి. 46వ అధ్యాయపు పదిహేనవ పద్యంలో నాలుగే ఉన్నాయి. ఒక పాదం జారిపోయింది. యస్న ప్రతులలో ప్రాచీనమైనవని పేరుపొందినవి 1323లో వ్రాసినవి. అప్పటికి ఆ పద్యం ఎన్ని శతాబ్దాలు కంఠస్థంగా నడిచిందో! ఇంత దీర్ఘమైన పరంపరలో ఒక పాదం లోపించిందని మనకు తెలియడమే ఆశ్చర్యం. ఆ తెలివి అంకెల వల్ల కాదు, ఛందస్సు వల్ల కలిగింది.

అంకెల సంగతి కూడా చెప్పాలి. ‘యస్న 29.7’ అంటే 29వ అధ్యాయం, ఏడవ పద్యం. అధ్యాయాన్ని ‘హాయితి’ అని, పద్యాన్ని ‘వచస్తష్టి’ అని, పాదాన్ని ‘అఫ్స్మన్’ అని అవెస్తాయే పిలుస్తుంది. విభజన పరంపరాగతమే. నేడు పండితులు వాడే సంఖ్యలకు ప్రమాణం 1886–1896 మధ్య గెల్డ్‌నర్ ప్రకటించిన ముద్రణ. 28వ అధ్యాయంలో ఒక వింత ఉంది: దాని ఆరంభంలోని వాక్యానికి సంఖ్య ‘సున్న’. అది జరథుష్ట్రుని స్తుతించే ఉపోద్ఘాతం, పఠించేవారు తరువాత చేర్చినది. దానిని ఒకటిగా లెక్కించి నేను మొదట పద్యాలన్నిటినీ ఒక సంఖ్య ముందుకు జరిపాను. ‘ఉస్తానజస్త’ ఉన్న పద్యం రెండవది కాదు, మొదటిదే.

ఇక మూడవ తప్పు. స్పెంతామైన్యు గాథలో నాలుగు పాదాలు, పాదానికి నాలుగు అక్షరాల తరువాత విరామం, ఆపై ఏడు, మొత్తం పదకొండు. మన త్రిష్టుప్పు కళ్ళముందు నిలుస్తుంది. కాని త్రిష్టుప్పులో పాదాంతాన గురులఘువుల నియతి ఉంది; గాథలలో అక్షరసంఖ్యే నియమం. మన ఉదాత్తానుదాత్తాల వంటి స్వరచిహ్నాలు ఆ లిపిలో లేవు. అన్నిటికంటె ముఖ్యం, ‘అసుర’తో సమానమైన ‘అహుర’ అక్కడ పరమేశ్వరవాచకం. ‘దేవ’తో సమానమైన ‘దఏవ’ అక్కడ త్యాజ్యుడు. ధ్వనిని మార్చితే పదం దొరుకుతుంది, దర్శనం దొరకదు. ఒక తల్లికి పుట్టిన ఇద్దరు సోదరీమణులలో ఒకరిని మరొకరి ఉచ్చారణదోషం అనడం ఇద్దరికీ అపచారం.

ఆ ఆగస్టులో పనిమీద సికింద్రాబాదు వెళ్ళినప్పుడు 1847లో నిర్మించిన పారసీ అగ్న్యాలయం ఉన్న వీథిలో నడిచాను. అన్యమతస్థులకు లోపల ప్రవేశం లేదు. బయటనే నిలిచి నమస్కరించాను. పారసీ సంవత్సరంలో ముప్ఫయేసి దినాల పన్నెండు మాసాల తరువాత అయిదు దినాలు మిగులుతాయి. ఆ అయిదింటికీ అయిదు గాథల పేర్లే పెట్టారు. గ్రంథవిభజనను పంచాంగంలో కూడా భద్రపరచుకొన్నారు.

మరుసటి నెల జమ్మలమడుగు సత్సంగంలో మొదట నా తప్పులు మూడూ చెప్పాను, ఆపైన ఈ లెక్క చెప్పాను. ఒక పెద్దాయన లేచి, “మరి పోయినసారి చెప్పిందాన్ని ఊర్లో పదిమందికి చెప్పినానే స్వామీ!” అన్నారు. వారిని వెదకి మళ్ళీ చెప్పమని ప్రార్థించాను. ఆయన కాగితంమీద నాతోనే వ్రాయించుకొన్నారు: ఏడు, నాలుగు, నాలుగు, ఒకటి, ఒకటి.