నల్లని అంచు, తెగిపోయిన అక్షరాలు

ఉట్నూరులో ఉపాధ్యాయులైన మిత్రులొకరు గుంజాల గోండి లిపి పాఠాలను ఓబీఎస్‌తో వీడియోలుగా తీస్తున్నారు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన చేతివ్రాత ప్రతుల వలన వెలుగులోకి వచ్చిన ఈ లిపి 2018లో యూనికోడ్ 11.0లో చేరింది. ఆయన పైన అక్షరం టైపు చేస్తూ, తెర అడుగున ఉన్న కీబోర్డు బొమ్మలో ఏ మీట నొక్కాలో చూపుతారు. అడుగు భాగం పోతే పాఠమే పోయినట్లు.

పాత ల్యాప్‌టాప్ తెర 1366x768. ఎవరో చెప్పగా కాన్వాసు 1920x1080గా పెట్టారు. ఓబీఎస్‌లో కాన్వాసు ఒక పలక; మనం పట్టే తెర ఆ పలకపై ఎడమ పైమూలకు ఆనించి పరచిన కాగితం. కాగితం చిన్నది గనుక కుడివైపు 554, క్రింద 312 పిక్సెళ్ళు నల్లగా మిగిలాయి. కాన్వాసును 1366x768కు తగ్గించగానే నలుపు పోయింది.

తరువాత 1920x1080 తెర గల కొత్త యంత్రం వచ్చింది. పాత ప్రొఫైలునే అందులోకి తెచ్చుకున్నారు. ఇప్పుడు కాగితం పెద్దది, పలక చిన్నది. అడుగున ఆ 312 పిక్సెళ్ళే ఈసారి బయట పడ్డాయి, వాటితోబాటు కీబోర్డు బొమ్మ కూడా. రికార్డు చేసేటప్పుడు ఓబీఎస్ కిటికీని దించివేస్తారు కనుక మూడు పాఠాలు అలాగే సాగాయి.

తెలుసుకొనే ఉపాయం సులువు. Sources జాబితాలో ఆ మూలాన్ని నొక్కితే ప్రివ్యూలో దాని చుట్టూ ఎర్రని గీత కనబడుతుంది. గీత కాన్వాసు లోపలే ఆగితే నల్లని అంచు, దాటి వెళితే కోత. గీత సరిగ్గా అంచులకు ఆని ఉండి లోపలంతా నలుపైతే అది కొలతల గొడవ కాదు; రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లలో ఓబీఎస్ ఏ చిప్‌పై నడుస్తోందో చూడాలి.

సవరణకు, మొదట రికార్డింగు ఆపాలి. అది నడుస్తుండగా వీడియో అమరికలు మార్చనివ్వదు. Settings లో Video తెరచి Base (Canvas) Resolution ను 1920x1080 చేసి, మూలాన్ని ఎంచుకొని Ctrl+F నొక్కాలి. కాన్వాసును ముట్టకుండా Ctrl+F ఒక్కటే నొక్కినా బొమ్మ కుదించుకొని పూర్తిగా ఇముడుతుంది గానీ, సన్నని అక్షరాల ఒంపులు కాస్త మసకబారుతాయి. లిపి పాఠానికి అది నాకు నచ్చదు. ఫైలు చిన్నది కావాలంటే Output (Scaled) Resolution తగ్గించవచ్చు. అది దేనినీ కోయదు, మొత్తం బొమ్మను చిన్నది చేస్తుంది, అంతే.

నల్లని అంచుతో వచ్చిన పాత పాఠాలను ఎడిటరులో అంచు కత్తిరించి నిలుపుకున్నారు. కోతపడిన మూడింటికి ఆ దారి లేదు. పలక బయట పడినది ఫైలులోకి రానేలేదు. వాటికి ఉచ్చారణ చెప్పిన పెద్దాయన పత్తి ఏరడం ముగిశాకే మళ్ళీ వస్తానన్నారట.