ఒక రియోస్టాట్, మూడు లెటర్లు

సెకండ్ ఇయర్ మెషీన్స్ ల్యాబ్‌లో మా బ్యాచ్ ఒక రియోస్టాట్ కాల్చేసింది. డీసీ షంట్ మోటార్ స్పీడ్ కంట్రోల్ ఎక్స్‌పరిమెంట్. ఫీల్డ్‌లో పెట్టాల్సిన 1.2 ఆంపియర్ల రియోస్టాట్‌ని ఆర్మేచర్‌లోనూ, ఆర్మేచర్‌లో పెట్టాల్సిన 5 ఆంపియర్లదాన్ని ఫీల్డ్‌లోనూ కలిపాం. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, నేమ్ ప్లేట్ మీద అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. మోటార్ తిరిగింది, రీడింగులు కూడా మొదలుపెట్టాం. అమ్మీటర్ రెండు దగ్గర ఆడుతోంది. కాసేపటికి ఎనామిల్ కాలిన వాసన, తర్వాత పొగ. నేను పరిగెత్తి డీపీఎస్‌టీ స్విచ్ ఓపెన్ చేశాను. మోటార్ నెమ్మదిగా ఆగింది. ఆ తర్వాత ల్యాబ్ అసిస్టెంట్ అన్న వచ్చారు.

ఈ వరస గుర్తుంచుకోండి. పొగ, స్విచ్, మోటార్ ఆగడం, అన్న రావడం. జరిగింది ఇంతే. దీన్ని ఇంగ్లీష్‌లో రాయడానికి నాకు మూడు లెటర్లు పట్టింది.

హెచ్ఓడీ సార్ ఎక్స్‌ప్లనేషన్ లెటర్ అడిగారు. నేను ముందు తెలుగులో అనుకుని తర్వాత ఇంగ్లీష్‌లో రాసే మనిషిని. మనసులో అనుకున్న వాక్యం ఇది: "అన్న వచ్చేసరికి నేను స్విచ్ ఓపెన్ చేశాను." దాన్ని ఇలా రాశాను: "వెన్ ద ల్యాబ్ అసిస్టెంట్ కేమ్, ఐ ఓపెన్డ్ ద స్విచ్."

సార్ చదివి కళ్లజోడు తీసి నా వంక చూశారు.

"అంటే ఏమ్మా, పొగ వస్తుంటే చూస్తూ నిలబడ్డారా? ఆయన వచ్చాక గానీ స్విచ్ తియ్యాలనిపించలేదా?"

"లేదు సార్, ముందే తీసేశాను సార్."

"మరి ఇక్కడ అలా లేదే."

నిజంగానే లేదు. ఇంగ్లీష్‌లో వెన్ తర్వాత సింపుల్ పాస్ట్, కామా తర్వాత ఇంకో సింపుల్ పాస్ట్ వస్తే, చదివేవాళ్లు మొదటిది జరిగింది, దాని వెంటనే రెండోది జరిగింది అనుకుంటారు. చాలాసార్లు మొదటిదాని వల్లే రెండోది జరిగిందని కూడా అనుకుంటారు. బెల్ మోగింది, లేచాం. అలాగే అన్న వచ్చారు, స్విచ్ తీశాను. నేను ప్రాణం అరచేతిలో పెట్టుకుని చేసిన పని, కాగితం మీద అన్నకి భయపడి చేసిన పని అయిపోయింది.

హాస్టల్‌కి వచ్చి రూమ్‌మేట్‌కి చెప్పుకుని ఏడ్చినంత పని చేశాను. అది కరీంనగర్ పిల్ల, జాలి పడటం దానికి రాదు. "నువ్వు గట్ల రాస్తే ఆయన గట్లనే అనుకుంటడు గదనే" అంది. తర్వాత టెన్త్‌లో బట్టీ పట్టిన రూల్ గుర్తుచేసింది: రెండు పనులు జరిగితే ముందు జరిగినదానికి పాస్ట్ పర్ఫెక్ట్, తర్వాత జరిగినదానికి సింపుల్ పాస్ట్. డాక్టర్ వచ్చే ముందే చచ్చిపోయే ఆ పేషెంట్ మీకూ తెలిసే ఉంటాడు. మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ట్యూషన్లలో ఎన్నిసార్లు చచ్చిపోయాడో పాపం.

సరే అని ఆ రూల్ ప్రకారం రెండో లెటర్ రాశాను. మూడోసారి పిలిపించుకోకూడదని బాగా జాగ్రత్తపడ్డాను. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. ఆ రూల్ రెండు సంఘటనల కోసం చెప్పింది, నా దగ్గర ఐదు ఉన్నాయి. సర్క్యూట్ కలపడం మోటార్ స్టార్ట్ చేయడం కంటే ముందు, స్టార్ట్ చేయడం పొగ కంటే ముందు, పొగ స్విచ్ కంటే ముందు, స్విచ్ అన్న రావడం కంటే ముందు. ప్రతిదీ ఇంకోదానికంటే ముందే కదా! చివరిదానికి తప్ప అన్నింటికీ హ్యాడ్ తగిలించాను. వియ్ హ్యాడ్ కనెక్టెడ్, వియ్ హ్యాడ్ స్టార్టెడ్, స్మోక్ హ్యాడ్ కమ్... మధ్యలో ఈ వాక్యం కూడా పడింది: "వెన్ ఐ ఓపెన్డ్ ద స్విచ్, ద మోటార్ హ్యాడ్ స్టాప్డ్."

ఈసారి సార్‌కి కోపం రాలేదు, నవ్వొచ్చింది. అది ఇంకా ఘోరం.

"స్విచ్ తీసే ముందే మోటార్ ఆగిపోతే ఇక స్విచ్ ఎందుకు తీశావమ్మా?"

మొదటి లెటర్‌లో హ్యాడ్ లేక అబద్ధం చెప్పాను. రెండో లెటర్‌లో హ్యాడ్ ఉండి అబద్ధం చెప్పాను. స్విచ్ తీశాను, అందువల్ల మోటార్ ఆగింది. ఒకదాని వెనక ఒకటి, కారణం వెనక ఫలితం. ఇక్కడ రెండువైపులా సింపుల్ పాస్టే ఉండాలి: "వెన్ ఐ ఓపెన్డ్ ద స్విచ్, ద మోటార్ స్టాప్డ్." హ్యాడ్ పెట్టగానే మోటార్ ఆగడం వెనక్కి జరిగి స్విచ్‌కి ముందు కూర్చుంది. అంటే హ్యాడ్ అనేది గ్రామర్‌కి వేసే అలంకారం కాదు, అది సంఘటనల వరసని మార్చేస్తుంది. బ్రెడ్ బోర్డ్ మీద ఒక వైర్ తీసి ఇంకో హోల్‌లో పెట్టినట్టే.

సార్ ఇంకో మాట అన్నారు. అది మాత్రం నాకు బాగా పనికొచ్చింది. "మొదటి పేరా చదువుతుంటే, ఇవన్నీ జరిగిపోయాయి సరే, ఆ తర్వాత ఏమైందా అని ఎదురుచూస్తున్నానమ్మా. ఆ తర్వాత అనేది రావడమే లేదు."

హ్యాడ్ విన్నవాళ్లు ఒక 'అప్పటికి' కోసం వెతుక్కుంటారు. ఎప్పటికి అయిపోయింది? దేనికంటే ముందు? గతంలో ఒకచోట నిలబడి, అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి చూస్తున్నప్పుడే దానికి అర్థం. నిలబడ్డ చోటు ఏమిటో చెప్పకుండా హ్యాడ్, హ్యాడ్ అంటూ పోతే వినేవాడు గాల్లో వేలాడుతుంటాడు. మనవాళ్లు ఇంటర్వ్యూల్లో "లాస్ట్ ఇయర్ ఐ హ్యాడ్ డన్ అన్ ఇంటర్న్‌షిప్" అని ఆపేస్తారు చూడండి, అదీ ఈ తప్పే. లాస్ట్ ఇయర్ అని చెప్పాక డిడ్ చాలు. పాతదైపోయింది కాబట్టి హ్యాడ్ వెయ్యాలని చాలామంది అనుకుంటారు. హిందీలో 'గయా థా' అని అలా వాడతారు కాబట్టి ఆ అలవాటు కూడా కొంత కలిసి ఉండొచ్చని నా అనుమానం. ఇంగ్లీష్‌లో మాత్రం ఎంత పాతది అన్నది లెక్క కాదు, దేనికంటే ముందు అన్నదే లెక్క.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తుంటే, అసలు తప్పు ఇంగ్లీష్‌లో కాదు, నా తెలుగు వాక్యాన్ని నేనే సరిగ్గా చదువుకోలేదు అని తోచింది. 'వచ్చేసరికి' అన్న మాట తీసుకోండి. "అన్న వచ్చేసరికి స్విచ్ తీసేశాను" అంటే అన్న రాకముందే పని అయిపోయింది. "వాన వచ్చేసరికి గొడుగు తీశాను" అంటే వాన వచ్చాకే గొడుగు తీశాను. అదే 'సరికి', రెండు వ్యతిరేకమైన వరసలు! మనం ఇబ్బంది పడకపోవడానికి కారణం, చుట్టూ ఉన్న చిన్న చిన్న మాటలు ఆ పని చేసిపెడతాయి. 'తీశాను' బదులు 'తీసేశాను' అంటే సగం తేలిపోతుంది. 'అప్పటికే' అని ఒక్క ముక్క చేర్చితే పూర్తిగా తేలిపోతుంది. ఇక ఐదు పనులైతే మనకి క్త్వార్థకాలు ఉన్నాయి: కలిపి, స్టార్ట్ చేసి, పొగ చూసి, పరిగెత్తి, తీశాను. ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా వాటంతటవే వరసలో నిలబడతాయి.

ఇంగ్లీష్‌లో వెన్ అనే మాట ఆ పని చెయ్యదు. అది రెండు సంఘటనల్ని పక్కపక్కన పెడుతుంది, అంతే. కాబట్టి మనం 'అప్పటికే'లో పెట్టే సమాచారాన్ని వాళ్లు క్రియలో పెట్టాలి. అదే హ్యాడ్. నేను 'వచ్చేసరికి'ని వెన్ చేసినప్పుడు 'అప్పటికే' దారిలో జారిపోయింది, దాన్ని ఏరుకుని క్రియకి తగిలించలేదు.

ఇది అర్థమయ్యాక ఆ డాక్టర్ వాక్యం మీద కూడా నాకు కోపం వచ్చింది. అందులో బిఫోర్ ఉంది. ఏది ముందో బిఫోర్ చెప్పేసింది, ఇక హ్యాడ్ తీసేసి "ద పేషెంట్ డైడ్ బిఫోర్ ద డాక్టర్ కేమ్" అన్నా వరస చెక్కుచెదరదు. ఆఫ్టర్‌తోనూ అంతే. హ్యాడ్ ఉన్నా తప్పు కాదు, లేకపోయినా నష్టం లేదు. అంటే హ్యాడ్ అవసరమే లేని వాక్యంతో మనకి హ్యాడ్ నేర్పించారు! బిఫోర్ తీసి వెన్ పెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది: "వెన్ ద డాక్టర్ కేమ్, ద పేషెంట్ డైడ్" అంటే డాక్టర్ మీద కేసు పెట్టొచ్చు. "హ్యాడ్ డైడ్" అంటే ఆయన నిర్దోషి.

మూడో లెటర్ పొద్దున్నే మెస్‌లో రాశాను. జరిగిన వరసలోనే చెప్పుకుంటూ పోయాను కాబట్టి మొదటి పేరా మొత్తం సింపుల్ పాస్ట్. వియ్ కనెక్టెడ్, వియ్ స్టార్టెడ్, స్మోక్ కేమ్, ఐ ఓపెన్డ్ ద స్విచ్, ద మోటార్ స్టాప్డ్. చెప్పే వరస, జరిగిన వరస ఒకటే అయినప్పుడు హ్యాడ్‌తో పనే లేదు. వరస తిరగబడిన చోట్లు రెండే ఉన్నాయి. ఒకటి: "వెన్ ద ల్యాబ్ అసిస్టెంట్ కేమ్, ఐ హ్యాడ్ ఆల్రెడీ ఓపెన్డ్ ద స్విచ్." ఇక్కడ అన్న వచ్చిన క్షణంలో నిలబడి వెనక్కి చూస్తున్నాను. ఆ క్షణానికి స్విచ్ ఓపెన్‌లో ఉంది, సార్‌కి కావలసింది కూడా అదే. రెండోది చివర్లో, తప్పు ఒప్పుకునే వాక్యం: "దెన్ వియ్ శా దట్ వియ్ హ్యాడ్ ఇంటర్‌ఛేంజ్డ్ ద టూ రియోస్టాట్స్." చూడటం తర్వాత, మార్చి పెట్టడం ముందు. ఇక్కడ హ్యాడ్ తీసేస్తే చూస్తూ చూస్తూ మార్చి పెట్టినట్టు ఉంటుంది.

సార్ చదివారు. అన్నని పిలిచి అడిగారు. "అవున్సార్, నేను పోయేసరికి స్విచ్ తీసే ఉంది" అన్నారు అన్న. సార్ ఆ రెండు హ్యాడ్‌ల కింద పెన్సిల్‌తో గీత గీసి సంతకం పెట్టారు.

రియోస్టాట్ డబ్బులు మాత్రం ఐదుగురం పంచుకుని కట్టాం. నేను క్లర్క్ గారి కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి మిగతా నలుగురూ కట్టేశారు. చిల్లర లేదని నాకు ఇరవై రూపాయలు ఇవ్వలేదు, ఇప్పటికీ రాలేదు.