బస్సు కదిలే లోపల

థర్డ్ ఇయర్ అయ్యాక వేసవిలో ఆరు వారాలు ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్ చేశాను. ప్రొడక్షన్ మేనేజర్ సార్ మొదటి రోజే చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చారు. "షిఫ్ట్ మారేటప్పుడు ఛార్జ్ ఇచ్చిపుచ్చుకోవడానికి ఎన్ని నిమిషాలు కావాలో తేల్చు" అన్నారు. ఇంత చిన్న ప్రాజెక్టా అని మనసులో నవ్వుకున్నాను.

మొదటి వారం నేను చేసింది సగటు తీయడమే. మధ్యాహ్నం 2 గంటల షిఫ్ట్ మార్పు దగ్గర నిలబడి, రిలీవర్‌తో మాటలు మొదలైనప్పటి నుంచి దిగే ఆపరేటర్ వెళ్ళిపోయే దాకా లెక్కపెట్టాను. సుమారు 8 నిమిషాలు వచ్చింది. పది చాలని రాసేశాను. వాళ్ళు 8 నిమిషాల్లో ముగిస్తున్నది పని అయిపోయి కాదని, బస్సు వెళ్ళిపోతుందనని నాకు తట్టలేదు.

రెండో వారంలో ఒకరోజు. నేను బాబాయ్ అని పిలిచే ఆపరేటర్ ఒక రియాక్టర్‌లోకి డోసింగ్ ఇస్తున్నారు. టెంపరేచర్ 5 డిగ్రీలు దాటకూడదు. 1:20కి 7 అయింది. ఆయన వాల్వ్ మూసి, జాకెట్‌లో బ్రైన్ పెంచి, చల్లబడ్డాక 1:45కి మళ్ళీ సన్నగా వదిలారు. నేను పక్కనే ఉన్నాను, నా నోట్‌బుక్‌లో టైములతో సహా రాసుకున్నాను. బ్యాచ్ షీట్‌లో మాత్రం "డోసింగ్ జరుగుతోంది" అని ఉందంతే.

రిలీవర్ వచ్చాడు. బాబాయ్ మిగతా రియాక్టర్ల సంగతి చెప్పి, దీని దగ్గరికి వచ్చేసరికి "ఇది నడుస్తోంది" అని పరుగెత్తారు. కొత్తాయన ట్యాంక్ లెవెల్ చూసి, డోసింగ్ వెనకబడిందనుకుని వాల్వ్ కాస్త ఎక్కువ తిప్పాడు. నాకు తెలుసు. కానీ ఇంటర్న్‌గాడిని, ఆయనకి నేనేం చెబుతానని ఊరుకున్నాను. పది నిమిషాల్లో 14 డిగ్రీలు. అలారం మోగింది, డోసింగ్ ఆపేశారు, మెల్లగా దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. చల్లగా ఉన్నప్పుడు రియాక్ట్ కాకుండా పోగుపడిన మెటీరియల్ అంతా వేడెక్కాక ఒక్కసారి అందుకుంటే ఏమవుతుందో ఆ సాయంత్రం సార్ బోర్డు మీద గీసి చూపించారు. నా నోట్‌బుక్ సంగతి ఆయనకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

సార్ తిట్టలేదు. "2005లో టెక్సాస్ సిటీ రిఫైనరీ ప్రమాదం గురించి చదువు" అన్నారు. చదివాను. స్టార్టప్ మొదలుపెట్టిన రాత్రి ఆపరేటర్ షిఫ్ట్ ముగియడానికి గంట ముందే వెళ్ళిపోయాడు. లాగ్‌బుక్‌లో మిగిలింది ఒక్క వాక్యం. ఆ మధ్యాహ్నం పేలుడులో 15 మంది చనిపోయారు. కారణాలు ఇంకా చాలా ఉన్నాయి కానీ, ఆ ఒక్క వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను.

ఈసారి సగటు మానేసి పనిని విడగొట్టి కొలిచాను. ఒక ఆపరేటర్‌కి ఆరు రియాక్టర్లు. లాగ్‌బుక్, బ్యాచ్ షీట్ ఇద్దరూ కలిసి చూడటానికి 3 నిమిషాలు. మామూలుగా తిరుగుతున్న రియాక్టర్ దగ్గర ఒక నిమిషం చాలు. డోసింగ్ లాంటి కీలకమైన స్టెప్‌లో ఉన్నదైతే 4 నిమిషాలు. అందులో ఆఖరి నిమిషం రిలీవర్ తను విన్నది తిరిగి చెప్పడానికి. కీలకమైనవి రెండుంటే మొత్తం 15 నిమిషాలు. నాలుగుంటే 21. నేను చూసిన రోజుల్లో నాలుగుకి మించలేదు.

ఇక ఉన్న టైమెంత? కొత్త షిఫ్ట్ బస్సు 1:50కి గేటు దగ్గరికి వస్తుంది. పాత షిఫ్ట్ బస్సు 2:15కి బయల్దేరుతుంది. కాగితం మీద 25 నిమిషాలు! కానీ పంచ్ చేసి, బట్టలు మార్చుకుని ఫ్లోర్ మీదికి వచ్చేసరికి 2 అవుతుంది. వెళ్ళేవాళ్ళకి బట్టలు మార్చుకుని బస్సు ఎక్కడానికి 7 నిమిషాలు. అంటే ఇద్దరూ ఒకే రియాక్టర్ ముందు నిలబడగలిగేది 2 నుంచి 2:08 దాకా. నా స్టాప్‌వాచ్ వారమంతా కొలిచింది బస్సు టైమింగునన్నమాట!

బస్సు 2:30కి మార్చమని రాశాను. అప్పుడు 23 నిమిషాలు దొరుకుతాయి. ఎచ్.ఆర్. సార్ ఒప్పుకోలేదు. వారానికి 48 గంటలు ఎలాగూ నిండిపోయాయి, ఆపైన ప్రతి నిమిషానికీ చట్టం ప్రకారం రెట్టింపు కూలి కట్టాలి అన్నారు. బాబాయ్‌దీ న్యాయమైన ప్రశ్నే: "పావుగంట లేటుగా ఇంటికెళ్తాను సరే, ఆ పావుగంటకి డబ్బులెవరిస్తారు బాబూ?"

బేరమాడితే పది నిమిషాలు దొరికాయి. బస్సు 2:25కి. అంటే చేతిలో 18 నిమిషాలు, కావలసింది 21. ఆ మూడు నిమిషాల కోసం మేనేజర్ సార్ ఇంకో రూల్ పెట్టారు: షిఫ్ట్ ముగిసే ముందు అరగంటలో కొత్తగా ఏ డోసింగూ మొదలుపెట్టకూడదు, అప్పటికే మూడు నడుస్తుంటే అంతకుముందు కూడా నాలుగోది ఆపాలి. మూడు కీలకమైనవి, మూడు మామూలువి అయితే సరిగ్గా 18. ఒక్క నిమిషం కూడా మిగలదు. రిలీవర్ లేటైతే లెక్క తప్పుతుంది కాబట్టి, అతను వచ్చేదాకా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఆ ఆరు రియాక్టర్ల దగ్గరే ఉండాలని కూడా రాయించాను.

నేను వచ్చేసే రోజు బస్సు 2:25కే కదిలింది. బాబాయ్ కిటికీలోంచి చెయ్యి ఊపారు. రోజుకి పది నిమిషాల చొప్పున వారానికి గంట, ఆ గంట కూలి ఫైలు మాత్రం అప్పటికి ఇంకా ఎచ్.ఆర్. టేబుల్ మీదే ఉంది.